అమ్మ ఒక్కతే చేసే పనిని ముగ్గురికి పంచాం

(మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక అక్క చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అమ్మల్లో చాలామంది మా అమ్మ వయసువాళ్లే. వెనక నిలబడ్డ అక్కలు, అన్నలు, చెల్లెళ్లు కూడా కొందరు కనిపిస్తున్నారు. మీరు కూడా దయచేసి ముందుకొచ్చి కూర్చోండి. ఈరోజు మాట్లాడేది ఎక్కువగా మీ గురించే.

నాకు 44 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా తమ్ముడికి 39. వాడికి డౌన్ సిండ్రోమ్. అమ్మానాన్నలతో తెనాలిలో ఉండేవాడు. నాన్న తపాలా శాఖలో పనిచేసి 2011లో రిటైర్ అయ్యారు. మూడేళ్ల కిందటి వరకూ మా ఇంట్లో తమ్ముడి భవిష్యత్తు గురించిన చర్చ ఒకే ఒక్క వాక్యంతో అయిపోయేది. ఎవరైనా చుట్టాలు అడిగితే అమ్మ "వాళ్లక్క ఉందిగా" అనేది. నేనూ "నేనున్నాగా" అనేదాన్ని. అలా అన్నప్పుడు నేను అబద్ధం ఆడలేదు. కాకపోతే "నేనున్నా" అంటే ఏమేం చెయ్యాలో నాకు తెలియదు.

ఒకరోజు తెల్లవారుజామున అమ్మ బాత్రూంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, తర్వాత ఆస్పత్రిలో 11 రోజులు. నాన్న అమ్మ దగ్గర ఉన్నారు. నేను సెలవు పెట్టి తమ్ముడి దగ్గర ఉన్నాను. ఆ 11 రోజుల్లో ఏం జరిగిందో కొంచెం వివరంగా చెబుతాను.

రెండో రోజు వాడు అన్నం ముందు కూర్చుని "బస్సు, బస్సు" అన్నాడు. అమ్మ దగ్గరికి వెళ్దాం అంటున్నాడేమో అనుకుని, "సాయంత్రం వెళ్దాం రా, బస్సులో కాదు ఆటోలో" అన్నాను. వాడు పళ్లెం తోసేశాడు. నేను బతిమాలి రెండు ముద్దలు పెట్టాను. పది నిమిషాల్లో మొత్తం కక్కేశాడు. తర్వాత అమ్మకి ఫోన్‌లో చెబితే అప్పుడు చెప్పింది. ఆరేళ్లప్పుడు బాపట్ల వెళ్తుంటే బస్సులో వాంతి అయింది. అప్పటినుంచి కడుపులో తిప్పితే వాడు "బస్సు" అంటాడు. ముప్పై ఏళ్లుగా ఆ మాటకి అర్థం తెలిసిన మనిషి ఈ భూమ్మీద అమ్మ ఒక్కతే.

రెండోది థైరాయిడ్ మాత్ర. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ తక్కువగా ఉండటం చాలా మామూలు. మావాడూ మాత్ర వేసుకుంటాడు. అది పరగడుపున వేసి, కనీసం అరగంట ఆగి టిఫిన్ పెట్టాలి. నాకా సంగతి తెలియక రోజూ పాలతో కలిపి ఇచ్చాను. కొన్ని రోజులు మర్చిపోయాను కూడా. అమ్మ ఇంటికొచ్చాక కూడా మంచం మీదే కాబట్టి ఆ పద్ధతే ఇంకో రెండు నెలలు నడిచింది. వాడు మందకొడిగా అయిపోయాడు. పిలిస్తే పలకడు, పగలంతా నిద్ర. అందరం "పాపం, వాళ్లమ్మని అలా చూసి దిగులు పెట్టుకున్నాడు" అనుకున్నాం. చూపించిన ఒక డాక్టరు కూడా "ఇలాంటి పిల్లల్లో ఇది మామూలే" అని పంపేశారు. చివరికి రక్తపరీక్ష చేయిస్తే, థైరాయిడ్ తగ్గినప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ బాగా పెరిగిపోయి ఉంది. మాత్ర సరిగ్గా వేస్తే కొన్ని వారాల్లో మళ్లీ మామూలు మనిషి అయ్యాడు. వైకల్యం ఉన్న మనిషికి ఏ కొత్త మార్పు వచ్చినా దాన్ని వైకల్యం ఖాతాలో వేసేస్తారు. అలా కాదు అని పట్టుబట్టేది కూడా ఇంట్లో అమ్మే. ఆ పట్టు నాకు అప్పటికి లేదు.

మూడోది నాన్న పెన్షన్ పుస్తకం. ఆస్పత్రి బిల్లు కోసం కాగితాలు వెతుకుతుంటే చేతికొచ్చింది. ఫ్యామిలీ పెన్షన్ దగ్గర అమ్మ పేరు ఒక్కటే ఉంది. తమ్ముడి పేరు ఎక్కడా లేదు.

ఆ పుస్తకం పట్టుకుని వరండాలో కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది. నేను "నేనున్నా" అన్న మాటలో ఒకటి కాదు, మూడు పనులు ఉన్నాయి. వాణ్ని రోజూ చూసుకోవడం ఒక పని. వాడి తరఫున సంతకం పెట్టడం ఒక పని. వాడి డబ్బు కాపాడి ఖర్చు పెట్టడం ఒక పని. అమ్మానాన్నలు ఉన్నంతకాలం ఈ మూడూ ఒకే ఇంట్లో కలిసిపోయి ఉంటాయి కాబట్టి వేరువేరుగా కనిపించవు. ఆ మూడూ ఒక్క మనిషి నెత్తిన పెడితే, ఆ మనిషికి జ్వరం వచ్చిన రోజు అన్నీ ఆగిపోతాయి. అందుకని వీటిని విడదీసి, తలా ఒకటి అప్పజెప్పాం. ఎలా చేశామో చెబుతాను.

ముందు సంతకం సంగతి.

మీలో చాలామంది "మేం తల్లిదండ్రులం, మాకు గార్డియన్ కాగితం ఎందుకు" అనుకుంటారు. మా నాన్నా అలాగే అనుకున్నారు. పిల్లవాడికి 18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో వాడు మేజర్. తల్లయినా తండ్రయినా వాడి తరఫున సంతకం పెట్టే హక్కు దానంతటదే కొనసాగదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికీ 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. దాని కింద ప్రతి జిల్లాకీ ఒక స్థానిక కమిటీ ఉంటుంది. దానికి పెద్ద జిల్లా కలెక్టర్. ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి కూడా అందులో ఉంటారు. దరఖాస్తు ఫారం ఎ. సదరం సర్టిఫికెట్, పుట్టిన తేదీ రుజువు, ఫోటోలు, చిరునామా జత చెయ్యాలి. కోర్టుకి వెళ్లనక్కర్లేదు. ఇక్కడ ఇచ్చిన గార్డియన్ సర్టిఫికెట్‌ని ఒప్పుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2007లోనే బ్యాంకులకు చెప్పింది. మీ బ్రాంచిలో "కోర్టు ఆర్డర్ తెండి" అంటే ఆ సంగతి గుర్తు చెయ్యండి. స్కిజోఫ్రెనియా లాంటి మానసిక వ్యాధులకు మాత్రం ఈ కమిటీ దారి పనిచెయ్యదు. వాళ్లు లాయర్‌ని కలవాల్సిందే.

మేం ఇక్కడ ఒక ఆలోచన చేశాం. నాన్న పేరు మీద గార్డియన్‌షిప్ తీసుకుంటే, నాన్న తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. అదీ ఇంట్లో చావు జరిగిన సమయంలో. నాన్నకి అప్పటికే 70 దాటాయి. అందుకని నాన్నే దగ్గరుండి నా పేరు పెట్టించారు. అమ్మానాన్నలు ఇద్దరూ ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చారు. విచారణ రోజున తమ్ముణ్ని కూడా తీసుకెళ్లాం. కమిటీలో ఒకాయన నన్ను కాకుండా వాణ్నే అడిగారు, "నీకు ఎవరంటే ఇష్టం" అని. వాడు నావైపు చూపించి "అక్క" అన్నాడు, వెంటనే "బావ" అని కూడా అన్నాడు. మా ఆయన బయట నిలబడి ఉన్నారు. లోపలికి పిలిచారు. పెళ్లైన అక్కచెల్లెళ్లు గార్డియన్ అవుతుంటే, దరఖాస్తు పెట్టకముందే భర్తతో విడిగా కూర్చుని మాట్లాడండి. మేం రెండు నెలలు మాట్లాడుకున్నాం. ఒకసారి గట్టిగా గొడవ కూడా పడ్డాం. ఆ గొడవ అప్పుడే అయిపోవడం మంచిదైంది.

గార్డియన్ అయ్యాక ఊరుకుంటే సరిపోదు. ఆరు నెలల్లోపు వాడి ఆస్తిపాస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. తర్వాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్క ఇవ్వాలి. గార్డియన్ సరిగా చూడకపోయినా, డబ్బు తినేసినా తల్లిదండ్రులు, బంధువులు, సంస్థలు కమిటీకి ఫిర్యాదు చేసి తీసేయించవచ్చు. ఈ లెక్కలు ఇవ్వడాన్ని అవమానంగా తీసుకోకండి. రేపు ఎవరైనా "అక్క తినేసింది" అంటే చూపించడానికి నా దగ్గర ఉండేది ఆ కాగితాలే.

ఇప్పుడు డబ్బు. ఇక్కడే ప్రేమ ఎక్కువైన తల్లిదండ్రులు పొరపాటు చేస్తారు. ఇల్లు వాడి పేరున రాసేద్దాం, ఎఫ్‌డీలన్నీ వాడి పేరున వేసేద్దాం అనుకుంటారు. మా నాన్న కూడా స్టాంపు పేపర్లు కొనుక్కొచ్చేశారు. నేను ఆపాను. రెండు కారణాలు చెబుతాను.

మొదటిది ఇల్లు. వాడి పేరున ఉన్న స్థిరాస్తిని వాడు అమ్మలేడు, అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టలేడు. గార్డియన్ అమ్మబోయినా రిజిస్ట్రేషన్ దగ్గర ప్రశ్నలు వస్తాయి, కోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. వాడికి వైద్యానికి డబ్బు కావాల్సిన రోజున వాడి ఇల్లే వాడికి పనికిరాదు. వీలునామా రాయకుండా వదిలేసినా ఇదే పరిస్థితి. వైకల్యం ఉందని వారసత్వం పోదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆ మాట స్పష్టంగా చెప్పింది. అంటే వాడికి సమాన వాటా వస్తుంది, ఆ వాటా ఉన్న ఇంటి మీద ఏ పని చెయ్యాలన్నా వాడి సంతకం దగ్గర ఆగుతుంది. ఇంకో వైపు, వేలిముద్ర వేయించుకుని హక్కు విడుదల రాయించుకున్న అన్నదమ్ముల కథలు ఈ హాల్లో చాలామందికి తెలుసు.

రెండోది పెన్షన్. ఇది తెలియక నష్టపోయేవాళ్లు ఎక్కువ కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి లేదా పెన్షనర్ చనిపోతే ఫ్యామిలీ పెన్షన్ ముందు భార్యకి వస్తుంది. ఆమె తర్వాత, 25 ఏళ్లలోపు పిల్లలుంటే వాళ్లకి. ఆ తర్వాత సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుకు లేదా కూతురికి జీవితాంతం వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకీ ఇలాంటి ఏర్పాటు ఉంది, మీ ట్రెజరీలో అడగండి. ప్రైవేటు ఉద్యోగం చేసినవాళ్లకి పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం ఈపీఎస్ 1995 కింద, శాశ్వతంగా పూర్తి వైకల్యం ఉన్న బిడ్డకి వయసుతో పని లేకుండా పిల్లల పెన్షన్ ఉంది.

మా ఇంటి లెక్క ఇది. నాన్న బేసిక్ పెన్షన్ ఇప్పుడు 25,000. అంటే ఆ లెక్కకు మూలమైన జీతం 50,000. ఫ్యామిలీ పెన్షన్ అందులో 30 శాతం, 15,000. దాని మీద కరువు భత్యం కలిపితే ఈరోజు 23,000 పైనే. ధరలు పెరిగినకొద్దీ ఆ భత్యం పెరుగుతుంది. ఇంత నమ్మకంగా, వాడు బతికున్నంతకాలం, ధరలతో పాటు పెరుగుతూ వచ్చే ఆదాయం మేం ఎంత దాచిపెట్టినా తయారు చెయ్యలేం. కానీ షరతు ఉంది. వాడికి వేరే మార్గాల్లో వచ్చే ఆదాయం ఆ ఫ్యామిలీ పెన్షన్ మొత్తం కంటే తక్కువ ఉండాలి. 2021లో కేంద్రం ఈ పరిమితిని పెంచింది, అంతకుముందు ఇంకా తక్కువ ఉండేది. ఇప్పుడు చూడండి. ప్రేమకొద్దీ ఇల్లూ, అద్దె వచ్చే రెండు షాపులూ, ఎఫ్‌డీలూ అన్నీ వాడి పేరున రాసేస్తే అద్దె, వడ్డీ కలిసి ఆ గీత దాటవచ్చు. ఆస్తి ఇచ్చామనుకుంటూ జీవితాంతం వచ్చే పెన్షన్ తీసేసినట్టు అవుతుంది.

పెన్షన్ పుస్తకంలో పేరు ఎక్కించే పని తల్లిదండ్రులు బతికుండగానే చెయ్యాలి. ఉద్యోగం చేసిన ఆఫీసుకి దరఖాస్తు, వైద్యుల బోర్డు ఇచ్చిన వైకల్య సర్టిఫికెట్, పుట్టిన తేదీ రుజువు ఇవ్వాలి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల తరఫున పెన్షన్ ఎవరు తీసుకోవాలో పెన్షనర్ నామినేట్ చెయ్యాలి. నాన్న నా పేరు రాశారు. సవరించిన పెన్షన్ ఆర్డరు, అంటే పీపీవో, రావడానికి ఏడు నెలలు పట్టింది. మధ్యలో మూడుసార్లు కాగితాలు వెనక్కి వచ్చాయి. ఒకసారి సదరం సర్టిఫికెట్‌లో తండ్రి పేరుకి, సర్వీసు రికార్డులో పేరుకి ఒక్క అక్షరం తేడా ఉందని. నాన్న ఉన్నారు కాబట్టి స్వయంగా వెళ్లి సరిచేయించారు. ఆయన లేకపోతే ఆ ఒక్క అక్షరం కోసం నేను ఎన్ని ఆఫీసులు తిరగాలో ఊహించుకోండి. ఈరోజు ఇంటికి వెళ్లగానే బిడ్డ ఆధార్, సదరం లేదా యూడీఐడీ కార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, మీ సర్వీసు కాగితాలు ఒకచోట పెట్టి పేర్లు, తేదీలు కలుస్తున్నాయా అని చూడండి.

ప్రభుత్వ పెన్షన్ లేని ఇళ్లు చాలా ఉన్నాయి, తెలుసు. వాళ్లకి వికలాంగుల పింఛనే ఆధారం. ఆంధ్రలో 2024 జులై నుంచి నెలకి 6,000, మంచానికే పరిమితమైన తీవ్ర వైకల్యానికి 15,000. తెలంగాణలో 4,016. ఎవరైనా పట్టించుకుని సర్టిఫికెట్ గడువు చూసుకోకపోతే అదీ ఆగిపోతుంది. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా కూడా చూడండి. ఏడాదికి లక్ష రూపాయల వరకూ ఉంటుంది, చేర్చుకునే ముందు వైద్య పరీక్షలు అడగరు. ఏటా రెన్యూ చెయ్యాలి.

మరి ఇల్లు, నాన్న దాచిన డబ్బు ఏం చేశాం? ఒక ప్రైవేట్ ట్రస్ట్ పెట్టాం. ట్రస్ట్ అనగానే ధనవంతుల వ్యవహారం అనుకోకండి. ఒక దస్తావేజు, ఒక పాన్ కార్డు, ఒక బ్యాంకు ఖాతా, అంతే. తక్కువ మొత్తంతో మొదలెట్టాం. అమ్మానాన్నలు ఇద్దరూ వీలునామాలు రాసి, తమ తర్వాత ఇల్లూ, డబ్బూ ఆ ట్రస్టుకి చెందాలని పెట్టారు. వీలునామాకి సాక్షులు ఇద్దరు, ఇద్దరూ ఆస్తిలో ఏ లాభమూ లేనివాళ్లు. నన్ను సాక్షిగా పెట్టబోతే లాయరు ఆపారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించాం.

ఆ ట్రస్టుని నడిపే ట్రస్టీలు ముగ్గురు. నేను, బాబాయి కొడుకు అంటే మా అన్నయ్య, నాన్న స్నేహితుడి కొడుకైన ఒక చార్టర్డ్ అకౌంటెంట్. చెక్కు మీద ఏ ఇద్దరి సంతకాలైనా ఉండాలి. ఎవరైనా తప్పుకున్నా, చనిపోయినా వాళ్ల స్థానంలో ఎవరు రావాలో పేర్లతో రాశాం. ఇంటి అద్దె, వడ్డీ వాడి ఖాతాలో వెయ్యం. వాణ్ని చూసుకునేచోట ఫీజు, మందులు, బట్టలు, డాక్టరు ఖర్చు ట్రస్టే నేరుగా కడుతుంది. అది వాడి ఆదాయం కిందకి వస్తుందా రాదా అన్నది పెన్షన్ ఆఫీసుకి రాతపూర్వకంగా రాసి అడిగాం. మీరూ నోటిమాట నమ్మకుండా రాసే అడగండి.

దస్తావేజులో మాకు అన్నింటికంటే ఎక్కువ రోజులు పట్టిన అంశం, తమ్ముడి తర్వాత మిగిలింది ఎవరికి అన్నది. మొదట నాన్న "నీకే" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మిగిలింది నాకే వస్తుందంటే వాడి మీద పెట్టే ప్రతి రూపాయీ నా వాటాలోంచి తీసినట్టే అవుతుంది. ఇవాళ నాకు ఆ బుద్ధి పుట్టకపోవచ్చు. నా పిల్లల చదువుకి అప్పు చెయ్యాల్సి వచ్చిన రోజున, వాడికి కొత్త కళ్లజోడు ఇప్పుడే అవసరమా అనిపించవచ్చు. అలాంటి పరీక్షలో నన్ను నేను ఎందుకు పెట్టుకోవాలి? సరే, వాణ్ని చూసుకునే సంస్థకి రాద్దామన్నారు. లాయరు దానికీ వద్దన్నారు. వాడు తొందరగా పోతే ఆ సంస్థకి లాభం వచ్చేలా రాయకూడదు. చివరికి చిన్నప్పుడు వాడు చదువుకున్న స్పెషల్ స్కూలుకి రాశారు. వాడి రోజువారీ బాగోగులతో ఆ స్కూలుకి ఏ సంబంధమూ లేదు.

డబ్బు ఎంత కావాలో కూడా ఒకసారి లెక్క వేసుకోండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు ఇప్పుడు సగటున 60 ఏళ్ల దాకా బతుకుతున్నారు. అంటే మావాడికి ఇంకా 20 ఏళ్ల పైమాటే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఖర్చు 12 ఏళ్లకి రెట్టింపు అవుతుంది. ఈరోజు నెలకి 20,000 అయ్యేది 12 ఏళ్ల తర్వాత 40,000, ఇంకో 12 ఏళ్లకి 80,000. అందుకే ధరలతో పెరిగే పెన్షన్ మీద అంత పట్టుబట్టాం. ట్రస్ట్ డబ్బు ఆ పెన్షన్ చాలని చోట వాడటానికి.

ఇక మూడో పని, రోజూ చూసుకోవడం. నేను చాలాకాలం మనసులో దాచుకున్న మాట ఇక్కడ చెబుతాను. వాణ్ని నా ఫ్లాట్‌లో ఉంచుకోవడం వాడికి మంచిది కాదు. మేం ఇద్దరం ఉదయం ఎనిమిదికి వెళ్తే రాత్రి ఏడుకి వస్తాం. నాలుగో అంతస్తు. పిల్లలు కాలేజీకి వెళ్తారు. తెనాలిలో వాడు వీధి చివర కిరాణా కొట్టు దాకా ఒక్కడే నడిచి వెళ్లి పాల ప్యాకెట్ తెచ్చేవాడు. నా దగ్గర వాడి రోజంతా టీవీ ముందే గడుస్తుంది. ఇది అమ్మకి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. చెప్పగానే ఏడ్చింది. "మాకంటే ముందు వాడు వెళ్లిపోతే బాగుండు" అంది. ఇక్కడున్న అమ్మల్లో ఆ మాట అననివాళ్లు తక్కువ. నేను దానికి ఏ జవాబూ ఇవ్వలేదు, పక్కనే కూర్చున్నాను.

తర్వాత ఆరు నెలలు పెద్దవాళ్లని ఉంచుకునే హాస్టళ్లు, గ్రూప్ హోములు చూశాం. ఫోన్ చేసి వెళ్తే అన్నీ బాగుంటాయి. సాయంత్రం ఆరు, ఏడు మధ్య చెప్పకుండా వెళ్లండి. పగటి సిబ్బంది వెళ్లిపోయి రాత్రివాళ్లు వచ్చే సమయం అది. బాత్రూంలు చూడండి, వాసన చూడండి. రాత్రి ఎంతమందికి ఎంతమంది ఉంటారు, వాళ్లు మెలకువగా ఉంటారా అని అడగండి. మందుల రిజిస్టరు చూపించమనండి. రోజూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నెలంతా నిండి ఉంటే ఒక్కసారే కూర్చుని రాసిందని అర్థం. అక్కడుండేవాళ్ల గోళ్లు చూడండి. ఒకచోట అన్నీ బాగున్నాయి గానీ "తల్లిదండ్రులు నెలకోసారి, రెండో ఆదివారమే రావాలి" అన్నారు. వద్దనుకున్నాం.

నచ్చినచోట ఒక్కసారిగా చేర్చలేదు. మొదట పగలు మాత్రమే, పదిరోజులు. తర్వాత రెండు రాత్రులు. తర్వాత వారం. ఈలోగా అమ్మానాన్నలు తెనాలిలోనే, కావాలంటే వెంటనే ఇంటికి తీసుకెళ్లే దూరంలోనే ఉన్నారు. ఇదే పని అమ్మ పోయిన పదమూడో రోజున చేసి ఉంటే వాడు అమ్మనీ, ఇంటినీ, వీధినీ, కిరాణా కొట్టు అతన్నీ ఒకేరోజు పోగొట్టుకునేవాడు. రెండోసారి వదిలినప్పుడు గేటు పట్టుకుని ఏడ్చాడు. నాన్న కారు దిగలేకపోయారు. మూడోసారి వెళ్లేటప్పటికి వాడి దిండు, వాడి పళ్లెం, వాడి ప్లాస్టిక్ చెంబు ముందే పంపించాం. ఆ వారం ముగిశాక అక్కడి ఆయా చెప్పింది, వాడు ఒంటికి సబ్బు తనే రాసుకుని స్నానం చేస్తున్నాడని. అమ్మ నమ్మలేదు. 39 ఏళ్లుగా తనే పోసింది. ఎప్పుడూ వాడి చేతికి సబ్బు ఇవ్వలేదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో, పాత పేరు ఎన్ఐఎంహెచ్ అంటే మీకు తెలుస్తుంది, పెద్దవాళ్లకి కూడా రోజువారీ పనుల అంచనా చేస్తారు. బిడ్డ ఏ పని సొంతంగా చెయ్యగలడో ముందే తెలుసుకుంటే, రేపు వేరేవాళ్లకి అప్పజెప్పేది ఎంతో మీకు తెలుస్తుంది.

వాడితో పాటు ఒక నోట్‌బుక్ పంపించాం. మామూలు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. మొదటి పేజీలో మందులు, వేళలు, థైరాయిడ్ మాత్ర పరగడుపున అని ఎర్ర ఇంకుతో. రెండో పేజీలో డాక్టర్లు, రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలి అన్నది. నలభై దాటాక డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో మతిమరుపు జబ్బు తొందరగా మొదలవ్వవచ్చు కాబట్టి ఈరోజుకి వాడు ఏమేం చెయ్యగలడో కూడా రాశాం. పాల ప్యాకెట్ తెస్తాడు, పది వరకూ లెక్కపెడతాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటాడు, చెప్పులు కుడిఎడమ తప్పకుండా వేసుకుంటాడు. రేపు గుండీలు పెట్టుకోవడం మర్చిపోతే, అది కొత్త మార్పు అని తెలియాలి కదా. మూడో పేజీ నుంచి వాడి మాటలు. "బస్సు" అంటే కడుపులో తిప్పుతోంది. ఎడమ చెంప మీద కొట్టుకుంటే పంటినొప్పి. "తాత" అంటే కరెంటు పోయింది, ఎందుకంటే చిన్నప్పుడు కరెంటు పోతే తాతయ్యే లాంతరు వెలిగించేవారు.

ఇప్పుడు వాడు అక్కడ సోమవారం నుంచి శుక్రవారం వరకూ ఉంటాడు, శనివారం ఇంటికి వస్తాడు. అమ్మ కర్ర పట్టుకుని నడుస్తోంది. గత నెల ఒక రాత్రి పదిన్నరకి ఆ హోము నుంచి ఆయా ఫోన్ చేసింది. "అమ్మా, అన్నం ముందు కూర్చుని బస్సు అన్నాడు. పుస్తకం చూశాను. అన్నం తీసేసి ఓఆర్‌ఎస్ నీళ్లు కొంచెం కొంచెం పట్టించాను. ఇప్పుడు పడుకున్నాడు. ఊరికే చెబుదామని చేశాను" అంది.

ఆ నోట్‌బుక్‌లో ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. ప్రతి ఆదివారం అమ్మ గుర్తొచ్చిందల్లా ఫోన్‌లో చెబుతుంది, నేను రాసుకుని తర్వాతి శనివారం అందులో ఎక్కిస్తాను. మొన్నటిది ఇది: "పెరుగన్నం ఆఖర్న పెట్టండి. ముందే పెడితే భోజనం అయిపోయిందనుకుని లేచిపోతాడు."